నాలుగు గంటల నీడ

రాయపూర్‌లో ఇల్లు కట్టించుకునేవాళ్ళకు గ్లోరీ చేసిన బొమ్మ నచ్చాలంటే అందులో పచ్చగడ్డి, తెల్లకారు, నీలాకాశం ఉండాలి. ఆర్కిటెక్టు యుగంధర్ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని ఏళ్ళ తరబడి అవన్నీ పెడుతూనే ఉంది. ఆమెకు ఇష్టమైనది మాత్రం నలుపూ తెలుపూ. "రంగు తీసేస్తే బిల్డింగ్‌కి దాక్కోడానికి చోటుండదండీ," అంటుంది, అదేదో తన చుట్టాల సంగతైనట్టు.

తండ్రి డేవిడ్ కాకినాడ వైపునుంచి వచ్చి రైల్వేలో ఫిట్టరుగా చేశాడు. తల్లి శాంతమ్మ నర్సు. నిరుడు మే నెలలో డేవిడ్ పోయాడు. ఇక్కడి తెలుగు క్రైస్తవులు విశాఖ బండిలో బంధువులు దిగేదాకా ఆగి, సాయంత్రం నాలుగింటికి సమాధి చేస్తారు. ఉర్లా దారిలోని ఆ సమాధుల తోటలో నిలువ నీడ లేదు. ఎండకు తట్టుకోలేక పాట సగంలోనే పెట్టె మూత వేసేశారు. శాంతమ్మకు చివరిచూపు సరిగా దక్కలేదు.

అందుకే ఈ ఏడాది చర్చి సంఘం అక్కడొక కాంక్రీటు మంటపం తలపెట్టింది. పెట్టె ఉంచడానికి పడమటి వైపు అరుగు, దాని పైన ఎనిమిది అడుగులు ముందుకు చొచ్చుకొచ్చిన స్లాబు, పక్కన పొడవాటి గోడ. గీసింది యుగంధర్. సంఘానికి చూపించే బొమ్మ గ్లోరీది.

ముందు మొత్తానికీ బూడిదరంగు పూసి ఆకారం చూసుకుంది. తర్వాత గోడ. కాంక్రీటు పోసే సెంట్రింగ్ పలకలు వదిలిన చెక్క ఈనెల అచ్చులు, పలకకూ పలకకూ మధ్య సన్నటి గీత, కడ్డీలు తీసిన గుంటలు, అన్నిటికీ లోతు ఇచ్చింది. ఒకే ముద్ర మళ్ళీ కనబడితే కన్ను పట్టేస్తుందని వాటిని తారుమారు చేసింది. గోడ అంచులు వెనక్కి ఒరిగినట్టు రాకుండా కంప్యూటర్‌లోని కెమెరాను నిటారుగా ఉంచి లెన్సును మాత్రమే పైకి జరిపింది. రంగు తీసేటప్పుడు ఎరుపు పాలు ఎక్కువ ఉంచింది. నీలాకాశం నల్లబడి కాంక్రీటు ఎముకలా తెల్లగా నిలిచింది.

ఇక సూర్యుడు. ఎండ ఎదురుగా కొడితే గోడ చప్పగా ఉంటుంది. గోడను రాసుకుంటూ దిగితేనే ఒక్కో ఈనె తన నీడ తాను వేసుకుంటుంది. మిట్టమధ్యాహ్నం దాటి సూర్యుడు నెత్తిమీంచి పడమరకు కాస్త ఒరిగిన చోట ఆమె ఆపింది. పక్కగోడ గరుకంతా లేచి నిలబడింది. స్లాబు కింద అరుగంతా చిక్కటి నీడ.

సంఘం గదిలో ఆ బొమ్మను గోడమీద వేసి చూపించారు. సంఘ పెద్ద వెంకటరత్నం నవ్వాడు. "శాంతక్కా, నీ కూతురు కరెంటు లేకుండా ఏసీ పెట్టేసింది! బస్, ఇక చాలు, పాస్ చేసేద్దాం."

శాంతమ్మ లేచివెళ్ళి ఆ నీడమీద చెయ్యి పెట్టింది. "మీ నాన్న పెట్టె ఇక్కడుంటే తీరిగ్గా చూసుకుందును కదే," అంది.

గ్లోరీ తల్లి పక్కకు వచ్చింది. "అమ్మా, ఇది మధ్యాహ్నం ఎండ. నాలుగింటిది కాదు."

యుగంధర్ చటుక్కున తిరిగాడు. "గ్లోరీ, మనం తెచ్చింది బొమ్మ. పంచాంగం కాదు."

"వాళ్ళు పాస్ చేస్తోంది నీడనే కదా సార్."

అక్కడే లాప్‌టాప్ తెరిచి, ఉత్తరం దిక్కు సరిచూసి, మే నెల నాలుగు గంటలు పెట్టింది. బొమ్మ ముతకగా, చుక్కలు చుక్కలుగా తేలింది. వాలిన సూర్యుడు స్లాబు కిందుగా లోపలికి దూరాడు. అరుగంతా తెల్లటి ఎండ. బొమ్మలో కొలత తెలియడానికి అరుగు వెనక గోడ దగ్గర నిలబెట్టిన మనిషి పాదాలనుంచి నెత్తిదాకా ఎండలోనే ఉన్నాడు. నీడ అతని తలపైన గోడమీద ఒక పట్టీలా ఉంది. ఎదురెండకు ఆ పడమటి గోడమీది గరుకు కూడా మాయమైంది.

"అరే, మళ్ళీ అదే ధూప్, అదే ఎండ," అన్నాడు వెంకటరత్నం, నవ్వకుండా.

యుగంధర్ తెరమీద అరుగు అంచు వెంట వేలు జరిపాడు. "అరుగు అంచున అడ్డుగోడ లేపాలి. సన్నటి నిలువు సందులతో," అన్నాడు. "నేను గీసిన మంటపం ముఖం పోతుంది. మీకు అరుగు దగ్గర్నుంచి సమాధులూ కనబడవు."

"సమాధులు తర్వాత చూసుకుంటాం బాబూ," అంది శాంతమ్మ. "ముందు మనిషి మొహం చూడనివ్వండి."

సంఘం వాళ్ళు అడ్డుగోడకే ఒప్పుకున్నారు.

కొత్త బొమ్మలో గ్లోరీ నాలుగు గంటలే ఉంచింది. సందుల్లోంచి వచ్చిన ఎండ అరుగుమీద సన్నటి చారలుగా పడింది. మే ఒకసారి, డిసెంబరు ఒకసారి పెట్టి చూసింది. పెట్టె తలవైపు, మొహం ఉండే చోట రెండు చారలు పడుతున్నాయి. యుగంధర్‌ను అడిగి ఆ సందులు మూయించింది.

అక్కడ బొమ్మ బాగా నల్లబడింది. ప్రింటు తీసే అతను కాస్త వెలుతురు పెంచమంటే వద్దంది.