వెనక రిలే తొందర

లైనులో తేడా వస్తే కరెంటు తెంపే రిలేలు సరిచేసే పెద్దాయనకి కోపం ముక్కుమీదే ఉంటుంది. ఆ రోజు ఒక్క వీధి లైను మీద కొమ్మ పడితే ఊరంతా కరెంటు పోయింది. సబ్‌స్టేషన్‌కి వెళ్ళి చూస్తే, ఊరంతటికీ కరెంటిచ్చే లైను మీది మెయిన్ రిలే ఆ వీధి రిలేకన్నా ముందే పనిచేసేలా పెట్టి ఉంది.

“దగ్గరున్నది ముందు తెంపాలయ్యా! అది చేతులెత్తేస్తేనే వెనకది కదలాలి!” అని ఆపరేటర్ మీద విరుచుకుపడి, మెయిన్ రిలేని వీధి రిలేకన్నా అర సెకను వెనక్కి జరిపాడు. ఆ ఘనకార్యం భార్యకి ఫోనులో వినిపించాడు కూడా.

ఇంటికొచ్చేసరికి మనవరాలు గ్లాసు పగలగొట్టింది. పక్కనే ఉన్న కోడలు నోరు తెరిచేలోపే గుమ్మంలోంచి గర్జించాడు. పిల్ల బిక్కచచ్చిపోయింది, కోడలు మూతి ముడుచుకుంది, వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

భార్య బయటికొచ్చింది.

“పిల్ల తల్లి పక్కనే ఉందిగా. ఆ అర సెకనేదో మీకూ పెట్టించుకోండి.”