నేను రాసిన మార్చి ఒకటి

హెడ్మాస్టరుగా నేను ఏటా జూన్‌లో ఒకే తప్పు చేశాను. ఒకటో తరగతికి ఐదేళ్లు నిండాలి. కూలికి వెళ్లే తల్లి పిల్లాణ్ణి చెయ్యి పట్టుకొచ్చి, "చేర్చుకోండి అయ్యగారూ, పొలంలో వీణ్ణెక్కడ కూర్చోబెట్టను?" అంటే, ఆగస్టులో పుట్టినవాడికి కూడా రిజిస్టరులో మార్చి ఒకటి అని రాసేవాణ్ణి. కాగితం అడిగేవాణ్ణి కాదు. మా చుట్టుపక్కల బళ్లన్నిటిలో అదే పద్ధతి. ఎవరికి నష్టంలే అనుకున్నాం.

ఈ ఏడు మిరప కోతలప్పుడు తెలిసింది ఎవరికో. మా బావమరిది తన కళ్లంలో పదిమంది ముందు ఒక కూలీని నోటికొచ్చినట్టు తిట్టాడు. మర్నాడు ఆమె కొడుకు అక్కడ ఆరబోసిన కాయలకు నిప్పు పెట్టాడు. నా దగ్గర చదివి, ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాడు. పోలీసులు బడి నుంచి సర్టిఫికెట్ తెచ్చారు. దాని ప్రకారం ఆ రోజుకు వాడికి పద్దెనిమిది నిండి పది రోజులు. పెద్దవాళ్లతో పాటు సబ్‌జైలుకు పంపారు.

నా పాత డైరీ తీశాను. ఆనాటి పేజీలో నా చేతిరాతే ఉంది: "ఆగస్టులో పుట్టాడట. మార్చి ఒకటి వేశాను." డైరీలో నిజం, రిజిస్టరులో అబద్ధం, రెండూ ఒకే రోజు, బహుశా ఒకే కలంతో.

ఉచిత న్యాయసహాయం కింద కేసు చూస్తున్న లాయరమ్మ దగ్గరికి అది పట్టుకెళ్లాను. ఆమె పేజీ చూసి తిరిగిచ్చేసింది.

"వయసుకి ఇది రుజువు కాదు మాస్టారూ. ముందు బడి సర్టిఫికెట్టు చూస్తారు. అది లేకపోతే పంచాయతీ జనన ధ్రువపత్రం. రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష."

"పంచాయతీ పుస్తకంలో ఆగస్టనే ఉందిగా?"

"ఉంది. కానీ బడి కాగితం దాని ముందుంది. అది నిలవదని ఎవరో ఒకరు కోర్టులో చెప్పాలి."

"ఎవరు?"

"రాసినవాళ్లు."

ఆమె అర్జీ వేశాక, విచారణ తేలేదాకా కుర్రాణ్ణి జైలు నుంచి పిల్లల్ని ఉంచే వేరే చోటికి మార్చారు. అప్పటికి పదకొండు రోజులు గడిచాయి.

సాక్ష్యం చెప్పబోతున్నానని తెలిసి బావమరిది మా ఇంటి మీదికొచ్చాడు.

"ఏం బావా, నా కాయలు తగలబెట్టినవాడి తరపున నిలబడతావా? ఐదు నెలలు తక్కువైతే మంట చల్లగా ఉంటుందా? పదహారుకే పెద్దాళ్ల కింద జమకట్టాలని టీవీలో అంటన్నారు. నన్నడిగితే పన్నెండు చాలు."

"ఏడేళ్లలోపు పిల్లలు చేసింది చట్టానికి నేరమే కాదు. పన్నెండు లోపైతే వాడు తెలిసి చేశాడా అని చూస్తారు. పదహారు దాటాక, కనీసం ఏడేళ్లు శిక్ష ఉన్న ఘోరమైన నేరమైతేనే బాలల న్యాయ మండలి వాణ్ణి పరిశీలించి, పెద్దవాళ్లలా విచారించమని పంపగలదు. మిరపకాయలు తగలబెట్టడం అందులోకి రాదు."

"ఇన్ని తెలిసినోడివి ఆ మార్చి ఎందుకు రాశావ్?"

అతని కాయలు బూడిదైన మాట నిజం. గీత ఎక్కడ గీసినా దానికి అటూ ఇటూ నాలుగు రోజుల తేడాతో ఎవరో ఒకరుంటారు. దాని మీద ఎంతైనా వాదించుకోవచ్చు. కానీ ఈ కుర్రాణ్ణి గీత దాటించింది చట్టం కాదు, నేను.

కోర్టులో మేజిస్ట్రేటుగారు రిజిస్టరు చూపించి అడిగారు. "ఏ ఆధారంతో రాశారు?"

"ఆధారం లేదండీ."

"ఇలా ఎంతమందికి రాశారు?"

"డైరీలు చూసి చెప్పాలండీ."

వెనక ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. బడి నమోదును పక్కన పెట్టి పంచాయతీ పుస్తకాన్ని తీసుకున్నారు. చూడాల్సింది నేరం జరిగిన నాటి వయసు, ఆ రోజుకు పద్దెనిమిది నిండలేదు, కాబట్టి ఇతను బాలుడని తేల్చి ఫైలును బాలల న్యాయ మండలికి పంపారు.

అక్కడ బోను లేదు. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు బల్ల వెనక కూర్చున్నారు. వెంట వచ్చిన పోలీసు మామూలు బట్టల్లో ఉన్నాడు. కుర్రాణ్ణి కుర్చీలో కూర్చోమన్నారు. ఇంటి పరిస్థితుల మీద ప్రొబేషన్ అధికారి నివేదిక చదివి, తల్లి పూచీ మీద బెయిలిచ్చారు. విచారణ ఇంకా ఉంది. నేరం రుజువైనా ప్రత్యేక గృహంలో మూడేళ్లకు మించి ఉంచరు, రేపు ఉద్యోగానికి ఇది అడ్డం రాదు అని లాయరమ్మ ఆ తల్లికి రెండుసార్లు చెప్పింది. ఆమె నా వైపు చూడలేదు.

సాయంత్రం బావమరిది ఫోన్ చేశాడు. తిడతాడనుకున్నాను.

"బావా, మా చిన్నోడిది కూడా మార్చి ఒకటేగా?"

"ఆఁ. నవంబరులో పుట్టాడు."

"వాడికిప్పుడు పదిహేడే, నీ రిజిస్టరులో పద్దెనిమిది నిండినయ్. బండేసుకుని తిరగతన్నాడు, ఎవర్నన్నా గుద్దితే? రేపే పోయి దిద్దు."

రిటైరైనవాణ్ణి, ఆ రిజిస్టరు ముట్టుకోవడానికి నాకు వీల్లేదని చెప్పాను. అర్జీ, జనన ధ్రువపత్రం, పై అధికారి ఉత్తర్వు కావాలన్నాను.

"రాసేటప్పుడు ఇయ్యన్నీ అడిగావా?" అని ఫోన్ పెట్టేశాడు.