ఉన్నన్ని చుక్కలు

పలాసలో నేను పనిచేసిన ఫొటో స్టూడియోలో రాత్రి ఆకాశమంటే ఊదా రంగే. పెళ్ళి ఆల్బమ్ కోసం జంట వెనకాల ఆకాశం కావాలంటే ఓనరు దగ్గరున్న సీడీలోంచి ఒకే బొమ్మ తీసి అతికించేవాళ్ళం. అందులో చుక్కలన్నీ ఒకే సైజు, ఒకే ఎడం. ఎవరూ ఏమీ అనేవారు కాదు, పెళ్ళికూతురు నగలు బాగా కనిపిస్తే చాలు. ఫిలిం రోళ్ళు పోయి డిజిటల్ కెమెరాలొచ్చిన ఆ కొత్తల్లో, టెక్కలిలో ఆర్నెల్లు కంప్యూటర్ నేర్చుకుని వచ్చిన నాకు, ఈ పనిలో నన్ను మించినవాళ్ళు లేరని గట్టి నమ్మకం.

ఆ నమ్మకాన్ని ఒక జాలరి వచ్చి పాడుచేశాడు. వజ్రపుకొత్తూరు వైపు ఊరు ఆయనది. యాభై దాటిన మనిషి. వాళ్ళ పడవలో వెనక కూర్చుని, రాత్రిళ్ళు చుక్కల్ని బట్టి చుక్కాని పట్టేది ఆయనే. కొత్త పడవ చేయించుకున్నారట. మొదటిసారి వేటకు దించే ముందు, తెల్లవారుజామున ఇసకలో పడవ పక్కన నిలబెట్టి బంధువెవరో ఫొటో తీశాడు. ఫ్లాష్ వెలుగులో పడవా ఆయనా బాగానే పడ్డారు. వెనక సముద్రం మీద ఆకాశం మాత్రం తారు పూసినట్టు నల్లగా ఉంది.

"ఆ రోజు మబ్బు నేదమ్మా. ఆకాశం నిండా సుక్కలే. మీ కెమేరా మింగీసింది," అన్నాడు, కెమెరా నాదే అయినట్టు.

మింగడమేమీ లేదు. ఫ్లాష్ వేసి తీస్తే కన్ను మూసి తెరిచేలోగా పని అయిపోతుంది. చుక్కల వెలుగు పడాలంటే కెమెరాని కదలకుండా చాలాసేపు తెరిచి ఉంచాలి. అదంతా చెప్పే ఓపిక లేక, సాయంత్రానికి వచ్చి తీసుకోమన్నాను. సీడీలో ఆకాశం తెచ్చి అతికించాను.

సాయంత్రం చూసి పకపకా నవ్వాడు. "ఏటమ్మా ఇది? పెళ్ళిపందిరికి సీరియల్ లైట్లు కట్టినావేటి? నా తలపాగా మీద కూడా ఒక సుక్క ఎట్టినావు!"

నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ తలపాగా మీద నిజంగానే చుక్క ఉంది. చెప్పండి, ఎలా ఉండాలో మీరే చెప్పండి అన్నాను. చెప్పాడు. నీళ్ళ అంచు మీద జానెడు మేర చుక్కలు కనిపించవట, పైకి వెళ్ళేకొద్దీ చిక్కబడతాయట. పెద్దవి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే, మిగతావన్నీ పొడి. పాలపుంత తెల్లగా ఉండదు, మధ్యలో నల్లటి పాయ ఉంటుంది. దాని పక్కన చుక్కల తేలు, తేలు గుండెలో ఎర్రచుక్క, తోక ఎడమ పక్కకి తిరిగి ఉంటుంది.

ఆ వారం ఉద్దానంలో మా అమ్మమ్మ ఊరికి వెళ్ళాను. నాలుగు రోజులు తెల్లవారుజామున లేచి, జీడితోట గట్టు మీద నిలబడి, మెడ నొప్పెట్టేదాకా చూశాను. కరెంటు ఎలాగూ ఉండేది కాదు. నాకు తెలిసిన ఆకాశం అక్కడ లేనే లేదు. ఊదా రంగు మచ్చుకైనా లేదు. ఎర్రచుక్క ఎర్రగానూ, రెండు మూడు లేత నీలంగానూ ఉన్నాయి, మిగతా వాటికి రంగే లేదు. పాలపుంత బూడిద రంగులో, నేరుగా చూస్తే పోయి, చూపు పక్కకి తిప్పితే మళ్ళీ కనిపించేంత పలచగా ఉంది. ఇన్నేళ్ళూ దీని కిందే పుట్టి పెరిగి ఊదా రంగు పూస్తూ కూర్చున్నానని సిగ్గేసింది.

తిరిగొచ్చి మొదటి నుంచి చేశాను. నల్లటి పొర మీద కంప్యూటరు చేత రంగు లేని నలుసులు చల్లించి, కాస్త మసకబరిచి, వెలుగు తగ్గిస్తూ పోతే చాలా వరకు ఆరిపోయి అక్కడక్కడ కొన్ని మిగులుతాయి. అలా మూడు పొరలు వేశాను. సన్నవి బోలెడు, మధ్యరకం కొన్ని, పెద్దవి గుప్పెడు. తేలుని చుక్క చుక్కగా చేత్తో పెట్టాను. నీళ్ళ అంచు దగ్గర మెత్తటి బ్రష్‌తో చెరిపాను. పాలపుంతని ఉందా లేదా అన్నంతగా ఉంచి, నడుమ నల్లపాయ తీశాను. పడవ మీదా, తలపాగా మీదా ఒక్క నలుసు లేకుండా తుడిచాను. ఓనరు చూసి, ఒక్క ఫొటోకి ఇన్ని రోజులా అని గొణిగి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం మళ్ళీ ఆ జీడితోట గట్టు మీద నిలబడినట్టే ఉంది.

జాలరి ఈసారి భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు. కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నాడు.

"సుక్కలేవమ్మా?"

"ఇవిగో బాబాయ్."

"ఏడో ఎనిమిదో ఉన్నాయి. మిగతావేవీ?"

కొంచెం వెలుగు పెంచాను. ఇంకా అన్నాడు. పెంచాను. కుర్చీ వెనక్కి జరిపాడు, ముందుకి జరిపాడు, కళ్ళజోడు పెట్టాడు, తీశాడు. ఇంకా అన్నాడు. పాలపుంత గోడకి సున్నం కొట్టినట్టయింది, చుక్కలు ఇసక పోసినట్టయ్యాయి. నాకు కోపం ఆగలేదు.

"నాలుగు రోజులు కళ్ళారా చూసి చేశాను బాబాయ్!"

"నాను ముప్పై ఏళ్ళు సూసినాను," అన్నాడు. తెర వైపు వంగి, "ఇప్పుడు కొంచెం అవుపడతంది," అన్నాడు.

వెనక సంచి పట్టుకుని నిలబడ్డ భార్య అంది, "ముందేసిందే బాగుంది మావా. మనూరి మీద అలాగే కదా ఉంటాది."

పెంచినదంతా తీసేసి మొదటిది పెట్టాను. ఆమె ముందుకొచ్చి వేలు పెట్టి చూపించింది. "ఇదిగో తేలు. ఇదిగో తోక."

ఆయన ఆమె వేలు వెంబడే చూశాడు. "ఎర్రసుక్క ఉన్నాది," అన్నాడు. "తోక..." అని ఆగిపోయాడు.

ఆమె చెయ్యి తెర మీదే ఉండిపోయింది. "మొన్న అమాసకి దారి తప్పొచ్చి, మంచు పట్టీసింది అన్నావు. అంతకుముందూ అదే అన్నావు. ఏటి మంచు మావా? నాను గుమ్మంలో నిలబడి సూసినాను. ఆకాశం కడిగినట్టున్నాది."

ఆయన కళ్ళజోడు మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకు అప్పటికి గాని అర్థం కాలేదు. అర్థమయ్యాక, అంతకుముందు అరిచిన అరుపు వెనక్కి తీసుకోవాలనిపించింది.

"నిరుడు దసరా కాడినుంచి," అన్నాడు చివరికి. "పెద్ద సుక్కలు నాలుగు పట్టుకుని పడవ తోలుకొత్తన్నాను. మా తమ్ముడు ముందర కూకుని అవుపడింది ఏదో ఒకటి అంతాడు కదా, దాన్నిబట్టి మిగతా దారి."

"అయిదుగురు ఎక్కుతారు ఆ పడవ," అంది ఆమె. గొంతు పెంచలేదు.

"శుక్లాలేమో బాబాయ్. ఆపరేషన్ చేయిస్తే మళ్ళీ కనిపిస్తాయి," అన్నాను.

"సేయిత్తాను. అది తరవాత."

తెర మీద రెండూ పక్కపక్కన పెట్టాను. ఏది ప్రింటు వేయమంటారని అడిగాను. నిజానికి ఆయన ఏది అడిగినా వేసిచ్చేదాన్ని. ఇసక పోసినట్టున్న దాన్ని కూడా, నోరెత్తకుండా.

"ఉన్నది ఎయ్యమ్మా. నాకు అవుపడేది కాదు."

ప్రింటు తీసి, రెండు అట్టల మధ్య పెట్టి ఇచ్చాను. ఆయన దాన్ని చంకలో పెట్టుకుని లేచాడు. గుమ్మం దగ్గర భార్యతో అన్నాడు, "తమ్ముడికి నాను సెప్పుకుంటాను, నువ్వేటీ అనకు. ఇకమీద సుక్కాని ఆడే పడతాడు. రేపు కూకోబెట్టి సెప్తాను."

"రేపేటి మావా," అంది ఆమె. "ఈ రాత్రికే ఏటకెల్తన్నారు కదా."

ఆయన అక్కడే నిలబడి, నా టేబుల్ మీదున్న స్టూడియో ఫోను వైపు చూశాడు. నేను దాన్ని ఆయన వైపు జరిపాను.