పూరీలు కూలిన స్వాగత సభ

స్వాగతం చెప్పబోయి ఒక పెద్దావిడను దాదాపు ఆసుపత్రికి పంపిన ఘనుణ్ణి నేను. మీరు నవ్వుకోండి, నాకిప్పటికీ చెమటలే.

సూరత్ శివార్లలోని ఒక రిసార్టులో మేనేజరునై అప్పటికి వారం. కరీంనగర్ నుంచి నలభై మంది రిటైర్డు టీచర్లు టూరుకొచ్చారు. సూరత్‌లోనే తెలుగు నేతగాళ్లుండే నవాగామ్‌లో మగ్గాల మోత మధ్య పెరిగినవాణ్ణి, ఇంతమంది మనవాళ్లు ఒక్కచోట కనిపించేసరికి కాలు నిలవలేదు.

మా ఓనరు ముందే హెచ్చరించాడు. "రెండే నిమిషాలు. నీ పేరు, స్వాగతం, టూర్ లీడరుకు థాంక్స్, ఏం వండామో, పొద్దున టిఫిన్ ఎన్నింటికో. ఆపైన మైకు వదిలెయ్."

నేను నాలుగు పేజీలు రాసుకొచ్చాను.

పేరు, స్వాగతం బాగానే నడిచాయి. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లే నన్ను చెడగొట్టాయి. థాంక్స్ మర్చిపోయి తాపీ నది పుట్టుకలోకి వెళ్లాను. అక్కణ్ణుంచి సూరత్ చీరల జరీ. అక్కణ్ణుంచి మా నాన్న మగ్గం.

వంటింటి గుమ్మంలో మా వంట మహారాజ్ గరిటె గాల్లో గుండ్రంగా తిప్పుతున్నాడు. 'చుట్టెయ్' అని ఆయన భావం. 'ఇంకా కానీ' అని నాకర్థమైంది. ఆహా, వంటవాడికి కూడా నచ్చిందనుకుని గొంతు పెంచాను. ఆయన గరిటె వేగం పెంచాడు. నేనూ వేగం పెంచాను!

చివరికి ఆయనే అరిచాడు. "సాహెబ్, బస్ కరో! పూరీ బైఠ్ గయీ!"

ఇక చాలించాలట, పొంగిన పూరీలన్నీ అప్పడాల్లా పడుకున్నాయట. అప్పుడైనా ఆగానా? "ఒక్క ముక్క..." అంటూ మూడో పేజీ తిప్పాను.

ముందు వరుసలో సుశీల టీచరమ్మ లేచి నిలబడింది. చేతులు వణుకుతున్నాయి.

"బిడ్డా, జర ఆపుతవా?"

"ఏమైందమ్మా?"

"రెండు నిమిషాలల్ల అన్నం పెడుతరంటే ఇన్సులిన్ సూది ఏసుకున్న. ఇరవై నిమిషాలాయె. కండ్లు తిరుగుతున్నయ్."

మైకు వదిలేసి వంటింట్లోకి పరుగెత్తాను. మహారాజ్ గ్లాసులో చక్కెర నీళ్లు కలిపి చేతికిచ్చాడు. తెచ్చి ఇస్తే ఆవిడ తాగింది. నేను పక్కనే మోకాళ్ల మీద కూర్చుని ఆవిడ ముఖాన్నే చూస్తూ కదల్లేదు. పావుగంటకు వణుకు తగ్గింది. అప్పటికి వేడి వేడిగా కొత్త పూరీలొచ్చాయి.

"తప్పయిందమ్మా."

"నీ ముచ్చట మంచిగనే ఉన్నది బిడ్డా. గని గది తిన్నోళ్లకు చెప్పాలె, తినబోయేటోళ్లకు కాదు."

హాలంతా ఘొల్లున నవ్వింది.

మర్నాడు వీడ్కోలు చెబుదామని బస్సెక్కాను. నోరు తెరిచానో లేదో, నలభై మందీ ఆపకుండా చప్పట్లు కొట్టారు. డ్రైవరు బస్సు కదిలించేదాకా కొడుతూనే ఉన్నారు. ఒక్క ముక్కైనా చెప్పకుండానే దిగిపోయాను.

బస్సు రేపిన దుమ్ములోనే నిలబడి ప్రమాణం చేశాను: ఆకలితో ఉన్న మనిషి ముందు ఈ జన్మలో తాపీ నదిని పుట్టించను. పేరు, స్వాగతం, థాంక్స్, వంటలు, టిఫిన్ టైము. అంతే, వడ్డించండి!