జంగప్ప సారు రాసిన మోహనం

తాండూరు నుంచి వికారాబాదుకు పొద్దున్నే వచ్చే ప్యాసింజరులో జంగప్ప సారుకు కిటికీ పక్క చోటు ఎవరూ చెప్పకుండానే వదిలేవారు. మరి, ఆయన చిన్నవాడా? పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు వికారాబాదు బాలికల పాఠశాలలో తొలిసారి హార్మోనియం పెట్టి సంగీతం చెప్పింది ఆయనే. మంత్రిగారు వచ్చినప్పుడు స్వాగత గీతం కట్టి పాడించిందీ ఆయనే. పందొమ్మిది వందల యాభై తొమ్మిదిలో, ఈ ప్రాంతపు సంగీతం పరీక్షకు ప్రశ్నపత్రం రాసే పని కూడా ఆయనకే వచ్చింది. మన వైపు నుంచి అంతకుముందు ఎవరికీ రాలేదు.

పాడి చూపే పరీక్ష వేరు. స్వరజ్ఞానం మాత్రం కాగితం మీదే. తాండూరు సెంటరులో కాపలా ఉండేది లెక్కల పంతులు. ఆయనకు షడ్జమంటే ఏమిటో తెలియదు. పక్క గదిలో డ్రాయింగు పరీక్ష నడుస్తుంది. వాయించడానికి లేదు, పాడడానికి లేదు. చెవికి పెట్టవలసిన పరీక్షను కంటికి పెట్టాలి.

అనంతగిరి మీద మంచు ఇంకా కరగని ఒక పొద్దున, రైలు ఊపుకు తల ఊగుతుండగా, జంగప్ప సారు చెవిలో మోహనం దానంతట అదే మొదలైంది. బయట జొన్నచేలు, వాటి మీద ఎండ, అన్నీ ఆ రాగంలోనే కదులుతున్నట్టున్నాయి. ఒడిలో కాగితం పెట్టుకొని రాశారు: ‘స రి గ ప ధ స – స ధ ప గ రి స. ఇది ఏ రాగం?’ ఏ రిషభమో, ఏ గాంధారమో, పైదో కిందిదో రాయలేదు. రాస్తే జవాబు చేతిలో పెట్టినట్టేనని ఆయన లెక్క.

పరీక్ష అయింది. జవాబులు దిద్దేటప్పుడు సాయంగా కూర్చున్న హన్మమ్మ టీచరు ఒక కాగితం ఆయన ముందుకు జరిపింది. తాండూరు పిల్ల ఇంద్రమ్మది. కరణ్‌కోట పక్క బడిలో పాట టీచరు ఉద్యోగం ఆ పిల్ల కోసం ఆగి ఉంది, పాసయితేనే. రాగం పేరు దగ్గర ‘భూపాలం’ అని రాసింది. సారు అడ్డగీత కొట్టారు. ఆ గీతతో పిల్ల తప్పింది.

“జర ఆగున్రి సారూ,” అన్నది హన్మమ్మ. “గిది మోహనమని ఎవలు జెప్పిన్రు?”

“నేను జెప్తున్న. రాసినోన్ని నేను.”

“మీరు పాడుకుంట రాసిన్రు. గా పాట కాగితంల ఏడుంది?”

“ఉన్నది గదా, చూడున్రి. స రి గ ప ధ.” ఆయన చదవలేదు, పాడారు.

హన్మమ్మ నవ్వి, అవే అక్షరాలు పట్టుకొని రిషభం దించి, గాంధారం దించి, ధైవతం దించి మెల్లగా పాడింది. గదిలో తెల్లవారినట్టయింది. “గిది భూపాలం, పొద్దుగాల పాడే రాగం. అక్షరాలు మారినయా? గింత పెద్ద సారుకు గది యాదికి రాలేదా?”

జంగప్ప సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. కాగితాన్ని ఎత్తి, దూరంగా పట్టి, మళ్లీ దగ్గరకు తెచ్చి చూశారు. అందులో మోహనం లేదు. తన చెవిలో ఉన్నదాన్ని కాగితం మీద ఉందనుకున్నారు, అంతే.

“ఆఫీసుకు రాస్తే మల్ల పేపరు నాకు ఇయ్యరేమో టీచరమ్మా.”

“ఇయ్యకపోతే ఇంట్ల పాడుకోన్రి. పిల్లకు నౌకరీ ఏది?”

 ఆయన కలం తీసి, రెండు జవాబులూ సరైనవేననీ, ప్రశ్నలోనే స్వరభేదం తెలుపలేదనీ హైదరాబాదుకు రాసి సంతకం పెట్టారు. ఆఫీసు ఒప్పుకున్నది. ఇంద్రమ్మ పాసయింది.

ఆ కబురు చెప్పడానికి ఆయనే వాళ్లింటికి వెళ్లారు. పిల్ల గడప దగ్గర బియ్యం చెరుగుతున్నది.

“భూపాలమే ఎందుకు రాసినవ్ బిడ్డా?”

“కాగితం సూడంగనే మా మేనత్త కసువు ఊడ్చుకుంట పాడే పాట ఇనబడ్డది సారూ. మల్ల వేరేది ఇనబడలె.”

“నాకు రైలుల మోహనం ఇనబడ్డది,” అన్నారు సారు, గడప మీద కూర్చుంటూ. “ఏదీ, జర నీది పాడు.”

మరుసటేడు పేపరు కూడా ఆయనకే ఇచ్చారు. అందులో ఇలా ఉంది: ‘స రి గ ప ధ అనే అక్షరాలు మోహనానికీ భూపాలానికీ ఒకటే. రెంటికీ ఏ స్వరాలు తేడా పడతాయో రాయండి.’ దాని కింద మరొకటి: ‘మోహనం పాడుతూ ఒక అమ్మాయి గ మ ప అన్నది. తప్పుగా పడిన స్వరం ఏది?’

పరీక్ష రోజు ఆయన తాండూరు సెంటరు వరండాలో నిలబడి లోపలికి చూశారు. లెక్కల పంతులు కునుకుతున్నాడు. గది నిశ్శబ్దం. వరుసగా కూర్చున్న పిల్లల పెదవులు మాత్రం చప్పుడు లేకుండా కదులుతున్నాయి.