రఫ్ పుస్తకంలోని ఐదు మార్కులు

వనపర్తిలో డిగ్రీ చదివేటప్పుడు కెమిస్ట్రీ ల్యాబ్‌లో నేనూ నా స్నేహితురాలూ జత. బ్యూరెట్ నాది, పెన్ను దానిది. నేను చుక్కలు వదులుతూ రీడింగ్ చెబితే, అది తన రఫ్ పుస్తకంలో రాసుకునేది. నా చేతిరాత చూస్తే దానికి నవ్వాగేది కాదు.

నీటి కాఠిన్యం ప్రయోగానికి ధరూర్‌లోని వాళ్ల ఇంటి బోరు నీళ్లు తనే బాటిల్‌లో తెచ్చింది. ఎరుపు రంగు నీలంగా మారగానే ఇద్దరం ఒకేసారి "ఆగు!" అని అరిచాం. వారం తిరక్కముందే వాళ్లమ్మకు జబ్బు చేసిందని పుణె పోయింది. అమ్మానాన్నలు అక్కడ బిల్డింగ్ పనిలో ఉండేవాళ్లు. పుస్తకం దాని సంచిలోనే పోయింది.

నా రిపోర్టుకు ఇరవైకి పదమూడు వచ్చాయి. దేనికెన్ని మార్కులో చెబుతూ మేడం ఇచ్చిన రూబ్రిక్‌లో రెండో అంశం, "ల్యాబ్‌లో అదేరోజు సంతకం చేయించిన అసలు రీడింగులు", ఐదు మార్కులు. నాకు సున్నా. కోపం నెత్తికెక్కి, అన్యాయం అంటూ మేడంకు పేజీ నిండా ఉత్తరం రాసి ఫోన్‌లో దానికి చదివి వినిపించాను.

"ఏందే గిది, లెటరా, పంచాయితీయా? జర మర్యాదగ రాయి. మార్కు యాడ పోయిందో చెప్పు, మనసు యాడ నొచ్చిందో చెప్పకు" అంది. ఆ రోజే రఫ్ పేజీ ఫోటో పంపింది.

మళ్లీ రాశాను. 'గౌరవనీయులైన మేడం గారికి, రెండో అంశాన్ని దయచేసి మరోసారి పరిశీలించగలరు. జతగా చేసిన ప్రయోగానికి ఒకరి రఫ్ పుస్తకం చాలని, అందులో ఇద్దరి రోల్ నంబర్లూ ఉండాలని రూబ్రిక్ కింద ఉంది. ల్యాబ్ అసిస్టెంట్ సంతకంతో ఉన్న ఆ పేజీని జతచేస్తున్నాను. దాన్ని రిపోర్టుతో పెట్టకపోవడం నా పొరపాటే. నాలుగో అంశం, దోషాల చర్చలో పోయిన రెండు మార్కులు న్యాయమే, వాటిని అడగడం లేదు.'

మేడం ఉత్తరం, పేజీ రెండూ చూసి, రీడింగులు నా రిపోర్టుతో సరిపోల్చి, పదమూడు కొట్టేసి పద్దెనిమిది వేశారు. పేజీ మీద వేలు పెట్టి, "ఈ రెండో నంబర్ అమ్మాయి రిపోర్ట్ ఏదమ్మా? వారంలోపు పంపమను, దిద్దుత" అన్నారు.

మెట్ల మీద నిలబడే ఫోన్ చేశాను. అవతల కాంక్రీట్ కలిపే మిల్లర్ చప్పుడు.

"నువ్వు గూడ పనికి పోతున్నవా?"

"అమ్మ బదులు పోతున్న. నీకు ఎన్నొచ్చినయ్?"

"పద్దెనిమిది. మేడం నీ రిపోర్ట్ అడిగిన్రు. వారం టైముంది. రాయవే, పంపుదువు."



"మంచిగైంది. మనిద్దరికీ గా పద్దెనిమిదే అనుకో" అంది.

నాకు ఆ మార్కులు వద్దనిపించింది, అది పక్కన నిలబడి రాసుకుంటే చాలనిపించింది. "నువ్వు రావే" అన్నాను.

"ఇటుకలందియ్యనీకె పిలుస్తున్నరు" అని ఫోన్ పెట్టేసింది.