పందొమ్మిదో పేజీలో ఊ

ఆ ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ ఒకటుంది. దానికి ఇనుప కడ్డీలున్నాయి, కింద అరచెయ్యి పట్టేంత సందు ఉంది, వెనక ఇరవై ఒక్క ఏళ్లుగా ఒక ఫార్మసిస్టు ఉంది. జనం ఆమెను మందులమ్మ అనేవారు. అసలు పేరు జీతం చీటీ మీద భద్రంగా ఉండేది.

ఇన్నేళ్లలో ఆమె చెవిన ఎక్కువసార్లు పడ్డ మాట ఊ. "ఇది పొద్దున, తిన్నాక." ఊ. "ఇది నమలకూడదు, మింగాలి." ఊ. కథ వినే పిల్లా ఊ అంటుంది, నిద్రలోకి జారేవాడూ ఊ అంటాడు, తగాదా తెగ్గొట్టి లేచిపోవాలనుకున్నవాడూ ఊ అంటాడు. ఇంత పని చేసే అక్షరం మన భాషలో మరొకటి లేదు. అలాంటి అక్షరాన్ని నమ్మి ఆమె ఒక ముసలమ్మకు వారానికి ఒక్కటే వేసుకోవలసిన మాత్ర ఇచ్చింది. ముసలమ్మ మూడుసార్లు ఊ అని, ఇంటికెళ్లి రోజుకొకటి వేసుకుంది. పన్నెండు రోజులు ఆసుపత్రి మంచం మీద ఉండి బతికి బయటపడింది. పోతూ పోతూ కిటికీ దగ్గర ఆగి, "నువ్వు చెప్పావే తల్లీ, నేనే వినలేదు" అని ఓదార్చి మరీ వెళ్లింది. ఆ ఓదార్పు మందులమ్మకు మింగుడు పడలేదు. నలభై నాలుగో ఏట పీహెచ్‌డీలో చేరింది.

విశ్వవిద్యాలయం ఆమె ప్రతిపాదనను రెండుసార్లు వెనక్కి పంపింది. మొదటిసారి, ఇంతవరకూ ఎవరూ చేయని పని ఏమిటో చూపలేదన్నారు. పరిశోధనా భాషలో దాన్ని ఖాళీ అంటారు. ఇంట్లో ఆ సంగతి చెబితే, బళ్లో లెక్కలు చెప్పే ఆమె భర్త పేపరు దించకుండానే, "ఖాళీ ఉంటే అద్దెకిచ్చెయ్యవోయ్" అన్నాడు. ఆమె ఏడాది పాటు గ్రంథాలయంలో కూర్చుని ఖాళీ పట్టుకుంది: రోగులు అవును అనడం మీద అధ్యయనాలు బోలెడు, ఊ అనడం మీద ఆమెకు ఒక్కటీ దొరకలేదు. రెండోసారి పద్ధతి బాగా లేదన్నారు. రోగిని "అర్థమైందా?" అని అడిగి వచ్చిన ఊలను లెక్కపెడతానని రాసింది మరి. ఇప్పుడు మార్చింది. కిటికీ దగ్గర మామూలుగానే మందు చెబుతుంది, రోగి ఏమన్నాడో చీటీ మీద రాస్తుంది. మందు చేతికొచ్చాక బయట బల్ల దగ్గర ఆసుపత్రి సోషల్ వర్కర్ పరిశోధన సంగతి చెప్పి సమ్మతి అడుగుతుంది. ఒప్పుకుంటే, మందు ఎలా వేసుకుంటారో రోగి చేతనే చెప్పించి, తప్పుంటే అక్కడికక్కడే దిద్దుతుంది. వద్దంటే చీటీ చింపేస్తారు. మొత్తం మూడు వందల మంది, ఆరు నెలలు.

మూడోసారి కూడా తిప్పి పంపితే రిజిస్ట్రేషన్ రద్దు. నిబంధనల పుస్తకంలో ఆ ముక్క చిన్న అక్షరాల్లో ఉన్నా ఆమెకు చత్వారం ఇంకా రాలేదు.

పద్నాలుగుసార్లు భర్త ముందు చదివి వినిపించింది. పద్నాలుగుసార్లూ ఆయన ఊ అన్నాడు. గైడ్ గారికి ఫోన్లో వినిపించింది. ఆవిడా ఊ అంది. అలా పందొమ్మిదో పేజీ ఎవరి కంటా పడకుండా, మనుషుల మీద చేసే పరిశోధనలకు అనుమతిచ్చే నైతిక కమిటీ బల్ల మీదికి చేరింది.

కమిటీలో అధ్యక్షురాలు ఒక పెద్ద డాక్టరు. గణాంకాల ప్రొఫెసరు ఒకాయన, న్యాయవాది ఒకావిడ ఉన్నారు. చదువుల వాళ్లే కాక మామూలు మనిషి ఒకరుండాలన్న నియమం ప్రకారం ఒక విశ్రాంత టైలరు ఉన్నాడు. కాగితాలన్నీ ఆసాంతం చదివి వచ్చేది ఆయనొక్కడే. పేజీల అంచులకు గుండుసూదులు గుచ్చుకుని తెచ్చాడు.

"అమ్మా, నాలుగో పేజీ తియ్యండి" అన్నాడు టైలరు. "ఊ అన్నంత మాత్రాన అర్థమైనట్టు కాదు అని రాశారు. బంగారం లాంటి మాట."

"థాంక్సండీ."

"ఇప్పుడు పందొమ్మిది తియ్యండి. చదువు రాని వాళ్లకు సమ్మతి పత్రం చదివి వినిపించి, వాళ్లు ఊ అంటే సాక్షి ముందు వేలిముద్ర తీసుకుంటాం అని రాశారు."

మందులమ్మ పందొమ్మిదో పేజీ చూసింది. పేజీ కూడా ఆమెను చూసింది.

"నలభై ఏళ్లు కుట్టానమ్మా. చేతులు పొట్టిగా పెట్టమంటారా అంటే ఊ అంటారు. కుట్టాక, నేనెప్పుడన్నాను అంటారు. చొక్కా అయితే విప్పి కుడతాం. వేలిముద్ర విప్పలేం కదా!"

న్యాయవాది నవ్వింది. అధ్యక్షురాలు నవ్వబోయి పదవి గుర్తొచ్చి మానుకుంది. "దీనికేమంటారు?"

మందులమ్మ రాసుకొచ్చిన జవాబుల్లో ఇది లేదు. ముసలమ్మ గుర్తొచ్చింది. "తప్పేనండీ. మందు విషయంలో ఏం చేస్తానన్నానో సమ్మతికీ అదే చెయ్యాలి. ఎందుకడుగుతున్నామో, వద్దంటే ఏమవుతుందో వాళ్ల మాటల్లో తిరిగి చెప్పించాలి. చెప్పలేకపోతే మళ్లీ చెప్పాలి. అప్పటికీ కాకపోతే వాళ్లను తీసుకోకూడదు."

"ఒక్కొక్కరికి ఎంతసేపు?"

"ఐదు నిమిషాలనుకున్నా. పన్నెండు పడుతుంది."

"సరే. సవరణలకు లోబడి ఆమోదం ఇద్దామా? అందరికీ సమ్మతమేనా?" అంది అధ్యక్షురాలు.

"ఊ" అంది న్యాయవాది. "ఊ" అన్నాడు ప్రొఫెసరు.

మినిట్స్ రాసే గుమాస్తా కలం ఆగిపోయింది. టైలరు అటు తిరిగాడు. "సార్, దేనికి ఊ అన్నారో కాస్త చెబుతారా?"

"కప్పల ప్రతిపాదనే కదండీ?" అన్నాడు ప్రొఫెసరు.

కప్పల ప్రతిపాదన పొద్దున్న పదిన్నరకే అయిపోయింది. ప్రొఫెసరు కళ్లజోడు తుడుచుకుని, కాగితాలు దగ్గరికి లాక్కుని, ఆ రోజు మొట్టమొదటిసారిగా చదవడం మొదలుపెట్టాడు. ఆయన ఊ అలాగే ఉండిపోతే బాగుండేదని మందులమ్మకు ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు వెంటనే సిగ్గేసింది.

"సోషల్ వర్కర్ దీనికి వారానికి గంటన్నరే ఇస్తుందని రాశారు. పన్నెండు నిమిషాలైతే ఆరు నెలల్లో మూడు వందల మంది ఎక్కడవుతారమ్మా?" అన్నాడు ప్రొఫెసరు.

"రెండు వందలకు తగ్గిస్తే..."

"కుదరదు. ఈ మూడు వందలు లెక్క కట్టి తెచ్చిన సంఖ్య. తగ్గిస్తే తేలేదేమీ ఉండదు. పది నెలలు రాయండి. థీసిస్ రాయడానికి ఎనిమిది నెలలు పెట్టుకున్నారు, నాలుగే మిగుల్తాయి. చెయ్యగలరా?"

ఊ అనబోయి పెదవులు బిగపట్టింది. "చేస్తానండీ" అంది.

"ఏం చెయ్యాలో చెప్పండి" అన్నాడు టైలరు, జాలి లేకుండా.

"పందొమ్మిదో పేజీ తిరగరాయాలి. కాలపట్టిక మార్చాలి. సంఖ్య తగ్గించకూడదు."

"ఇంకా?"

ఆమె కాగితాలు వెనక్కి తిరగేసింది.

"ఆమోదం ఉత్తరం చేతికి రాకుండా ఒక్కరిని కూడా అడగకూడదు" అంది అధ్యక్షురాలు మెల్లగా.

"ఒక్కరిని కూడా అడగను."

ఈసారి న్యాయవాది, ప్రొఫెసరు పూర్తి వాక్యాల్లో సమ్మతించారు. గుమాస్తా రాసుకున్నాడు.

ఇంటికి వెళ్లేసరికి భర్త పేపరు వెనక ఉన్నాడు.

"ఏమండీ, ఆమోదించారు. సవరణలు చెప్పారు. కిటికీ దగ్గర పది నెలలు పడుతుంది, రాయడానికి నాలుగు నెలలే."

"ఊ."

"నేనేం చెప్పానో చెప్పండి."

పేపరు దిగింది. ఆయన లెక్కల మాస్టారి మొహంతో ఆలోచించాడు. "ఆమోదించారు. పది నెలలు అక్కడ, నాలుగు నెలలు రాత. పద్నాలుగు నెలలు వంట నాది."

"వంట సంగతి నేనెత్తలేదే!"

"ఎత్తబోతున్నావు కదా" అని, ఆయన పేపరు మడిచి వంటింట్లోకి వెళ్లాడు.